పెద్ద బి, చిన్న బి

బాన్సువాడ బస్టాండు వెనక కిరాయి గదిలో స్పందన వెబ్‌సైట్లు తయారుచేస్తుంది. ఇంగ్లీషులో ఏ పేరైనా పెద్ద అక్షరంతో మొదలుపెట్టడం ఆమెకు బడినాటి అలవాటు.

వరికోత మిషన్ల బుకింగ్ పేజీ ఆమె విండోస్ కంప్యూటర్లో చక్కగా తెరుచుకుంటోంది. అందరి ఫోన్లకూ పేజీని అందించే లినక్స్ సర్వర్ మీద మాత్రం మూడు రోజులుగా ఫైలు లేదంటోంది.

మిషన్ల యజమాని భీంరావు మళ్లీ ఫోన్ చేశాడు. "నీ దగ్గర నడుస్తది, నా ఫోన్ల నడవది. ఏందమ్మా గిది?"

"చూస్తున్న అన్నా."

కోడ్ ఎన్నిసార్లు చదివినా దొరకని తప్పు, ఫైళ్ల జాబితాలో కనిపించింది. కోడ్ 'బుకింగ్' ఫైలును చిన్న 'బి'తో అడుగుతోంది. ఆమె పెట్టిన ఫైలు పేరులో ఉన్నది పెద్ద 'బి'. విండోస్ రెండూ ఒకటేననుకుంది. లినక్స్‌కు అవి వేర్వేరు పేర్లు.

కోడ్‌లో అక్షరం మార్చి ఎక్కించగానే పేజీ తెరుచుకుంది.

"ఏం ఖరాబైందమ్మా?" ఫోన్లో అడిగాడు భీంరావు.

స్పందన కళ్లు నులుముకుంది. "నా కంప్యూటర్ బాగ మంచిదన్నా. తప్పు చేస్తే చెప్పది."