ముత్యం ఈనే రోజు

పరవాడ పక్కనున్న ఆ వీధిలో ఎవరి ఆవు ఎప్పుడు ఈనుతుందో తెలియాలంటే పంచాంగం అక్కర్లేదు, దేముడమ్మ చాలు. చూలు కట్టే సూది వేయించిన తారీకు చెవిన వేస్తే చాలు, ఈనే రోజు ఠక్కున చెప్పేసేది. అమ్మ దగ్గర నేర్చుకున్న లెక్క అది: తొమ్మిది నెలలు, పైన తొమ్మిది రోజులు. ఓ వారం అటో ఇటో తప్ప ఏనాడూ తప్పలేదు. అందుకే దేముడమ్మకు కాస్త గీర కూడా ఉండేది. ఉంటే ఉండనివ్వండి, కష్టపడి సంపాదించుకున్న గీర అది.

అలాంటి దేముడమ్మ ముసలి ఆవు పోయాక తమ్ముడిచ్చిన, ఇంకా ఒక్క ఈతా ఈనని గేదె పడ్డను తెచ్చుకుంది. ముత్యం అని పేరు పెట్టింది. బొగ్గులా నల్లగా ఉన్నదానికి ముత్యమేమిటని మొగుడు ఎల్లాజీ నవ్వితే, రెండు రోజులు అతనితో మాట మానేసింది. శ్రావణం మొదటి శుక్రవారం మర్నాడు, ఆగస్టు పదిన, పడ్డ ఎదకొస్తే సూది వేయించింది. మే పందొమ్మిదికి ఈనుతుందని ఊరంతా చాటింది.

మే పందొమ్మిది వచ్చింది, వెళ్ళింది. ముత్యం తీరిగ్గా నెమరు వేస్తూనే ఉంది. పొదుగు దిగలేదు. మే నెలాఖరైనా అంతే. జూన్ వచ్చేసరికి దేముడమ్మకు అన్నం సహించడం మానేసింది. "ఏటే ముత్యం, నీకు బద్ధకమా? నా పరువు తీత్తావా?" అని తిడుతూనే ఆ నల్లటి నుదురు నిమిరేది.

ఎల్లాజీకి మాత్రం భయం పట్టుకుంది. ఫార్మా కంపెనీ గేటు దగ్గర కాపలా కాసే అతనికి ఎవరేం చెప్పినా నమ్మే గుణం. కడుపులో దూడ చచ్చిపోయుంటుందని పశువుల బేరగాడు మోహన్ చెప్పాడు. "గేది సచ్చిపోకముందే అమ్మెయ్ బావ, రేపొచ్చి తోలుకెల్లిపోతాను" అన్నాడు. ఎల్లాజీ తలూపేశాడు.

ఆ సంగతి వినగానే దేముడమ్మ ఏడుస్తూ పశువుల ఆసుపత్రికి పరుగెత్తింది. ఎల్లాజీ కాపలాకు వెళ్ళాక, సాయంత్రం డాక్టరమ్మ శ్రీసత్య ఇంటికి వచ్చింది. భుజం దాకా తొడుగు వేసుకుని ముత్యం లోపల చెయ్యి పెట్టి చూసింది. చూస్తూనే ఆమె ముఖం విచ్చుకుంది.

"దూడ బాగుంది. నా వేలికి తగిలితే కాలు వెనక్కి లాక్కుంది. ఏ తారీకు లెక్కపెట్టుకున్నారు?"

"ఆగస్టు పది నుంచి, తొమ్మిది నెలల తొమ్మిది రోజులు. పదకొండు ఈతలు నా సేతుల మీదే అయ్యాయి తల్లీ."

"అన్నీ ఆవులేనా?"

"ఆవులే."

"అదమ్మా సంగతి. ఆవుకైతే రెండు వందల ఎనభై రోజులు, మీ లెక్క సరే. గేదె సగటున మూడు వందల పది రోజులు మోస్తుంది. పది నెలలు, పైన ఆరు రోజులు అనుకోండి. దీని రోజు జూన్ పదహారు. వారం అటూ ఇటూ. తొందరగా ఈనాలని ఏ సూదీ వేయించకండి, అమ్మకండి."

దేముడమ్మ అరుగు మీద కూలబడింది. దూడ బతికి ఉందన్న సంతోషం ఒక కంట, సిగ్గు ఒక కంట. తన లెక్క తప్పిందంటే వీధిలో ఇక ఎవరడుగుతారు? చెప్పకుండా ఊరుకుంటే ముత్యం ఉండదు.

మర్నాడు మోహన్ తాడు పట్టుకుని వచ్చాడు. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా చూడ్డానికి చేరారు. ఎల్లాజీ కట్టుగుంజ వైపు నడిచాడు. దేముడమ్మ అడ్డం నిలబడింది.

"ఆగండి. తప్పు గేదిది కాదు, నాది. ఆవు లెక్క దీనికేసి, దీన్ని పట్టుకుని ఇన్నాళ్ళూ తిట్టాను. దీనికింకా టైముంది."

ఎల్లాజీ అడుగు ఆగింది. తర్వాత నవ్వాడు. "నువ్వే తప్పు అన్నావంటే, ఇంక అది నిజఁవేలే" అని మోహన్‌కు టీ ఇప్పించి పంపించేశాడు. పెళ్ళయ్యాక భార్య తప్పు ఒప్పుకోవడం అదే మొదలు మరి.

జూన్ పదిహేడు తెల్లవారుజామున పొదుగు నిండి, ముత్యం ఆడదూడను ఈనింది. తడిసిన దూడను తల్లి నాకుతుంటే దేముడమ్మ ముత్యం మెడ పట్టుకుని, "నన్ను మన్నించెయ్యే" అంది. ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి.

వీధి అడగడం మానలేదు. వారం తిరక్కుండానే పక్కింటి మెహబూబ్ బీ గుమ్మంలో నిలబడి, "అక్కా, మాది సంక్రాంతి వెళ్ళాక సూది వేయించాం. ఎప్పుడీనుద్ది?" అంది.

ఒకప్పుడైతే ఠక్కున చెప్పేసేదే. దేముడమ్మ ఈసారి ముత్యం వైపు ఓ చూపు చూసి, గడ్డి పనలు కింద పెట్టి, చేతులు దులుపుకుంది.

"తారీకు తరవాతే గానీ, ముందిది సెప్పు. మీది ఆవా, గేదా?"