రెండు టోకెన్ల పిన్ని

యానాం దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో టైమాఫీసు గుమాస్తాగా ఉన్న రోజుల్లో నాకు కాస్త పొగరుండేది. దానికి కారణం కంప్యూటరులో నేను తయారుచేసిన షీటు. గేటు రిజిస్టరు చూసి టోకెను నంబరు, వచ్చిన టైము, వెళ్లిన టైము కొడితే కాంట్రాక్టు మనిషి వారం గంటలు అదే కూడుకునేది. యాభై నాలుగు రాగానే గడి పసుపు, అరవై దాటితే ఎరుపు. ఓవర్‌టైముతో కలిపి రోజుకు పది గంటలు, వారానికి అరవై దాటకూడదని రూలు. పసుపు కనబడగానే నేను మేస్త్రీకి చెప్పేవాణ్ణి, ఆయన ఆ మనిషిని ఇంటికి పంపేవాడు.

ఆ గురువారం మధ్యాహ్నానికి నా షీటులో ఒక్క గడీ పసుపు కాలేదు. రెండు గంటలకు షిఫ్టు మారేటప్పుడు గేటు దగ్గరికి వెళ్లాను. రొయ్యలు ఒలిచే షెడ్డులో పొద్దున్న ఆరు నుంచి పనిచేసిన, అందరం పిన్ని అని పిలిచే ఆవిడ తన టోకెను మేకుకు తగిలించి, పక్క మేకు మీది టోకెను తీసుకుంటోంది. అది ఆవిడ తోడికోడలిది.

ఆ షెడ్డులో ఒకరి బదులు ఒకరు రావడం మామూలే. కానీ రెండు షిఫ్టులూ ఒక్క మనిషే చేస్తుందని నాకు తట్టలేదు. ఎన్నాళ్లనుంచి అని గట్టిగానే అడిగాను. సోమవారం నుంచట. తోడికోడలి బిడ్డకు జ్వరం, కాకినాడ ఆసుపత్రిలో ఉన్నారు. వరసగా మూడు రోజులు రాకపోతే మేస్త్రీ టోకెను ఇంకొకరికి ఇచ్చేస్తాడు.

వేళ్లమీద లెక్కేశాను. ఆవిడవి ముప్పై రెండు, తోడికోడలి పేరు మీద ఇరవై నాలుగు. రోజు హద్దు ఎప్పుడో దాటింది. ఇంకో నాలుగు గంటలకు వారం హద్దూ అయిపోతుంది. నా షీటుకు టోకెన్లే తెలుసు, మనుషులు తెలీదు. నామీద నాకే చిరాకేసింది.

"నన్ను పంపేత్తే పంపేయి బాబూ, దాని టోకెను మాత్రం పోనీకు," అంది పిన్ని.

ఆవిణ్ణి ఇక షెడ్డులోకి వెళ్లొద్దని చెప్పి, షీటులో ఆ ఇరవై నాలుగు గంటలూ ఆవిడ వరసలోకి మార్చాను. యాభై ఆరు, గడి పసుపైంది. ప్రింటు తీసి మేస్త్రీ ముందు పెట్టి, తోడికోడలికి సెలవు రాయమన్నాను. కుదరదన్నాడు. అయితే ఆ మూడు రోజులూ తోడికోడలే వచ్చిందని సంతకం పెట్టండి అన్నాను. ఆయనకు సంగతి ముందే తెలుసు, అబద్ధానికి సంతకం పెడితే తన మెడకే చుట్టుకుంటుందనీ తెలుసు. కాసేపు గొణిగి సెలవు రాశాడు.

ఆ మాట చెబుదామని ఆనందంగా గేటుకు వచ్చాను. తన ఊరు అడవిపొలం వెళ్లే ఆటో కోసం బల్ల మీద కూర్చున్న పిన్ని గోడకు ఆనుకుని నిద్రపోతోంది. ఆటో వచ్చింది. నేను లేపలేదు, వాచ్‌మన్నూ లేపలేదు. ఐసులో నాని తెల్లబడిన ఆ పిడికిట్లో తోడికోడలి టోకెను ఇంకా బిగించే ఉంది.