అరవై నాలుగు కామెంట్ల పట్టిక

అక్షరం రానివాడు వేలిముద్ర వేసే యుగం పోయి, అన్ని అక్షరాలూ వచ్చినవాడు వేలిముద్ర వేసే యుగం వచ్చిందని భావి చరిత్రకారులు తప్పక రాస్తారు. దానికి ఆధారాలు కుందలహళ్ళిలోని ఒక ఆఫీసు తవ్వకాల్లోనే దొరుకుతాయి. అక్కడ "ఈ పీడీఎఫ్ చదివి మీ అభిప్రాయాలు పంపండి" అని ఎవరైనా మెయిల్ పెడితే, ఎంటెక్‌లూ పీహెచ్‌డీలూ నిమిషంలో బొటనవేలి బొమ్మ ఒకటి వేసి, పది రోజులు ధ్యానంలోకి వెళ్ళిపోతారు.

ఆ ధ్యానాలను భంగపరచడమే బాలాత్రిపురసుందరి ఉద్యోగం. ఆసుపత్రుల్లో రోగికి మందును కొద్దికొద్దిగా ఎక్కించే సిరంజి పంపులు చేసే కంపెనీ అది. నర్సులు చదివే మాన్యువల్ ఆమె రాస్తుంది. ముగ్గురు దిద్దుతారు. వాళ్ళ దిద్దుబాట్లన్నీ ఒక్క పట్టికలోకి చేర్చి, ఏ పేజీలో ఎవరు ఏమన్నారు, ఒప్పుకున్నామా లేదా అని రాసి, శుక్రవారం నాలుగింటికల్లా మేనేజర్ పునీత్‌కు ఇవ్వాలి. కిందటిసారి పాత ఫోన్ నంబరొకటి అచ్చులోకి పోయింది. ఈసారీ తప్పొస్తే మాన్యువళ్ళ పని బయటి ఏజెన్సీకి ఇచ్చేస్తానని పునీత్ చాలా మర్యాదగా చెప్పాడు. మర్యాదగా చెప్పాడు కాబట్టి ఆమెకు మూడు రాత్రులు నిద్ర లేదు.

టెస్టింగ్ విభాగం ఫయాజ్ ముప్పై ఒక్క కామెంట్లు పంపాడు. నర్సులకు శిక్షణ ఇచ్చే కళ్యాణి పదకొండు పంపింది, అదీ మెయిల్లో, "పైనుంచి మూడో పేరా" అంటూ. అవి ఆమే పేజీ వెతికి పట్టికలో ఎక్కించింది. శుక్రవారం ఒంటిగంటన్నరకు డిజైన్ ఇంజనీరు భుజంగరావు ఇరవై రెండు పంపాడు. ఆయన పీడీఎఫ్ పంపలేదు. కామెంట్లు మాత్రమే ఉన్న చిన్న ఫైలు పంపాడు.

దాన్ని సుందరి, ముగ్గురికీ దిద్దమని పంపిన తన రెండో డ్రాఫ్టులోకి దిగుమతి చేసింది. అన్నీ బుద్ధిమంతుల్లా కూర్చున్నాయి. పదిహేడో పేజీకి రాగానే ఆమె ఆగింది. "అలారం మోగగానే ముందు రోగి వైపు ట్యూబుకున్న క్లాంపు మూయండి" అన్న వాక్యం మీద ఎర్రగీత, పక్కన "తీసేయండి". అదే వాక్యం మీద ఫయాజ్ కామెంటు "బోల్డ్ చేయండి" అని ఉంది.

ఇద్దరికీ పడనప్పుడు రాసేవాళ్ళు తీర్పు చెప్పకూడదు. ఇద్దరూ ఒప్పుకున్నదే పట్టికెక్కాలి. అది అక్కడి ధర్మశాస్త్రం.

"అక్కా, అది తీసేస్తే నర్సమ్మ ఏం చేయాల? అలారం మోగుతుంటే చప్పట్లు కొట్టాల్నా?" అన్నాడు ఫయాజ్.

భుజంగరావు సీటుకు వెళ్ళింది. ఆయన పెరుగన్నం డబ్బా మూస్తున్నాడు.

"సార్, పదిహేడో పేజీలో గీత మీదేనా?"

"నాదే. ఏం, చేతిరాత గుర్తుపట్టలేదా?"

"మీరు తీసేయమన్నది రోగి ప్రాణానికి సంబంధించినది సార్."

"చూడప్పా, ముప్పై ఏండ్లుగా గీస్తా ఉండాను. నేను ఊరికే గీయను. గీసింది గీసినట్ల పట్టికలో పెట్టు."

"ఒక్కసారి చూసి చెప్పండి సార్."

"మీటింగు ఉండాది తల్లీ. నాలుగున్నరకు రా."

నాలుగున్నరకు ఏజెన్సీ వాళ్ళకు స్వాగతం పలకవచ్చు. సుందరి సీటుకొచ్చి, కోపం పోయే దారి లేక, ఆయన ఇరవై రెండు కామెంట్ల మీదా ఒక్కొక్కటిగా నొక్కింది. ప్రతి కామెంటుకూ తేదీ ఉంటుంది. అన్నీ తొమ్మిదో తేదీవి. రెండో డ్రాఫ్టు ఆమె పంపింది పదహారున.

మహానుభావుడు అడక్కముందే దిద్దేశాడు. అదీ మొదటి డ్రాఫ్టు మీద. ఒకసారి డెస్క్‌టాప్ మీద దించుకున్న ఫైలును ఆయన కుటుంబ ఆస్తిలా చూసుకుంటాడు. కొత్తది వచ్చినా తెరవడు. రెండో డ్రాఫ్టులో పదకొండో పేజీ తర్వాత ఆమె ఒక పేజీ చేర్చింది. కామెంటుకు పేజీలో చోటు తెలుస్తుంది కానీ వాక్యం తెలియదు. అందుకే పన్నెండో పేజీ నుంచి ఆయన గీతలన్నీ పరాయివాళ్ళ నెత్తిన పడ్డాయి.

మొదటి డ్రాఫ్టు తెరిచి అదే ఫైలు అందులోకి దించింది. పదిహేడో పేజీలో ఎర్రగీత ఒక పాత ఫోన్ నంబరు మీద సరిగ్గా వాలింది. ఆ నంబరు ఆమె రెండో డ్రాఫ్టులో ఎప్పుడో తీసేసింది. ఇరవై రెండింటిలో ఇరవై అలా ఆమె అప్పటికే సరిచేసినవే.

ఆ తెర ఫొటో తీసి, మీటింగులో ఉన్న భుజంగరావుకు పంపింది. జవాబు వచ్చింది: "ఔను. క్లాంపు ఉండనీ. బోల్డ్ చేయి."

మూడు యాభైకి పట్టిక పునీత్ చేతిలో ఉంది. ఆయన పైనుంచి కింది దాకా చదివి, రెండు ప్రశ్నలడిగి, సంతకం పెట్టాడు. ఏజెన్సీ మాట ఎత్తలేదు. ఫైలు బళేపేట ప్రెస్సుకు వెళ్ళింది.

ఫయాజ్ ముప్పై ఒకటిలో ఇరవై అయిదు "టెస్ట్ చేశాను, సరే" అన్నవే. కళ్యాణి పదకొండులో ఆరు అతను చెప్పినవే. మొత్తం అరవై నాలుగు కామెంట్లలో మాన్యువల్లో మార్చాల్సివచ్చినవి పదమూడు. అందులో తొమ్మిది కామాలు.