గిన్నెల మాట రాయని కాగితం

“కడగనని నేనెప్పుడన్నాను అక్కా? ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతున్నా, అంతే.”

“చెప్పకపోవుడేంది? కాయితంల రాపిచ్చిన గద! గిన్నెలు, గ్లాసులు, నేల తుడుసుడు, అన్నీ నా నోటితోని చెప్పి రాపిచ్చిన.”

“ఏ కాగితంలో? ఇదిగో, నా ఫోన్‌లోనే ఉంది. ఎక్కడుందో చూపించండి గిన్నె!”

సూర్యాపేట బస్టాండు వెనక సందులో, గ్రేస్ కేఫ్ ముందు, చేతిలో టీ గ్లాసుతో నిలబడి ఈ గొడవంతా వింటున్నాను. అడుగుతున్న అమ్మాయి వైష్ణవి. కోదాడ వైపు పిల్ల, డిగ్రీ అయింది, కేఫ్‌లో పనికి చేరి ఇది రెండో రోజు. జవాబు చెబుతున్నది కేఫ్ నడిపే గ్రేసక్క. ఇక ఆ కాగితం రాసిన మహానుభావుణ్ని నేనే. టీ సగమే తాగాను. మిగతా సగం వదిలేసి మెల్లగా జారుకుందామని ఒక అడుగు వెనక్కి వేశాను కూడా.

“సంపత్! యాడికి పోతున్నవ్? ఇటు రా.”

దొరికిపోయాను.

నా గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి, అంతకన్నా ఎక్కువ లేవు కూడా. ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో కాలేజీ మానేశాను. మానేసి ఏదో సాధిస్తానని మా ఇంట్లో చెప్పాను. సాధించింది ఏమిటంటే, మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు వేబ్రిడ్జి దగ్గర ఐదు నెలలు, కోదాడలో సెల్ ఫోన్ల దుకాణంలో నాలుగు నెలలు, ఇప్పుడు సూర్యాపేటలో ప్రభాకరన్న ఫ్లెక్సీల షాపులో కంప్యూటర్ ముందు ఏడో నెల. పుట్టినరోజు ఫ్లెక్సీల మీద పొగడ్తలు రాసీ రాసీ, నాకు రాయడం వచ్చనే నమ్మకం కుదిరింది. వచ్చిన చిక్కంతా ఆ నమ్మకంతోనే.

గ్రేసక్క కేఫ్ అంటే ఆరు స్టూళ్లు, రెండు స్టవ్వులు, ఒక ఫ్రిజ్. టీ, కాఫీ, ఇడ్లీ, ఉప్మా. పద్నాలుగు నెలలుగా ఒక్కతే నడుపుతోంది. పాలు అయిపోతే షట్టర్ సగం దించి పరుగెత్తాలి. అలాంటిది ఎదురు సందులోని బ్యాంకు మేనేజర్ వచ్చి, రోజూ పదకొండింటికి నలభై టీలు పంపగలవా అని అడిగాడు. సోమవారం నుంచి పంపాలి, లేదంటే టీ మిషన్ పెట్టించుకుంటామన్నాడు. ఆ ఆర్డర్ నిలబడితే కేఫ్ నిలబడుతుంది. లేకపోతే కిరాయి కట్టలేక, ఆమె మళ్లీ పెళ్లిళ్లలో వంటలవాళ్ల వెనక గిన్నెలు మోయడానికి పోవాల్సిందే. నలభై టీలు మోసేవాళ్లు ఒకరుంటే గల్లాపెట్టె దగ్గర తనుంటుంది. అందుకే మొట్టమొదటిసారి ఒక మనిషిని పెట్టుకుందామనుకుంది.

పోయిన వారం ఆమె స్టవ్ ముందు నిలబడి చెబుతుంటే నేను ఫోన్‌లో రాసుకున్నాను. ఏమేం పనులు, ఎన్నింటికి రావాలి, ఎన్నింటికి పోవాలి, ఆదివారం సెలవు, జీతం పదమూడున్నర వేలు. జీతం దగ్గర నా వేలు ఆగింది. ప్రభాకరన్న నాకిచ్చేది తొమ్మిది వేలు.

షాపుకు వచ్చి కూర్చున్నాక నాలోని రచయిత లేచాడు. గిన్నెలు కడగాలి అని రాస్తే ఎవరొస్తారు? నేల తుడవాలి అంటే మన కేఫ్ పరువేం కావాలి? జీతం అంకె వేయడమేమిటి చీప్‌గా? ప్రభాకరన్న కూడా వెనకనుంచి తొంగిచూసి, “పనికి పిలిచే కాయితంల జీతం ఎవడన్న ఏస్తడారా? పక్క హోటలోళ్ల పనోళ్లు సూస్తే మనకే లొల్లి,” అన్నాడు. అంతే, ఇలా తయారైంది నా కళాఖండం:

‘కేఫ్ అసిస్టెంట్ కావలెను. ఆకర్షణీయమైన జీతం. అనువైన పనివేళలు. స్నేహపూర్వక వాతావరణం. ఎదగాలనే తపన ఉన్నవారికి సువర్ణావకాశం!’

చివర ఆశ్చర్యార్థకం నాకు చాలా నచ్చింది. “నేను చెప్పినయన్నీ ఏసినవా?” అని గ్రేసక్క అడిగితే, “అన్నీ అక్కా, ఇంకా మంచిగ ఏసిన,” అన్నాను. ఆమె చేతులు పిండిలో ఉన్నాయి, చదవలేదు. యాభై కాగితాలు నేనే బస్టాండు గోడలకు అంటించాను. వాట్సాప్ గ్రూపుల్లోనూ నేనే వదిలాను.

మూడు రోజుల్లో ఇరవై ఏడు ఫోన్లు. ఒకడు ఇంట్లో కూర్చుని చేయొచ్చా అన్నాడు. ఒకడు ఇన్సెంటివ్‌లు ఎంత అన్నాడు. ఒకాయన ముందు మేమెంత డిపాజిట్ కట్టాలి అని అడిగాడు, ఆకర్షణీయమైన జీతాల చేతిలో ఇదివరకే దెబ్బతిన్నాడట పాపం. ఫోన్లెత్తి మాట్లాడేసరికి రెండుసార్లు పాలు పొంగిపోయాయి. చివరికి వచ్చింది వైష్ణవి ఒక్కతే. ఆమెకు జీతం, టైము ఫోన్‌లో చెప్పింది గ్రేసక్క. పనులు ఎటూ కాగితంలో ఉన్నాయి కదా అనుకుని చెప్పలేదు. కౌంటర్లో కూర్చునే ఉద్యోగమని వైష్ణవి అనుకుంది. రెండో రోజు ఎనిమిదింటికి గిన్నెల కుప్ప ముందుకొచ్చింది.

ఇప్పుడు గ్రేసక్క ఆ అమ్మాయి ఫోన్ పట్టుకుని, అక్షరాలు పెద్దవి చేసుకుని, నా కళాఖండాన్ని మొదటిసారి చదువుతోంది. పెదాలు కదులుతున్నాయి. ‘తపన’ దగ్గర ఆగి నా వైపు చూసింది. నేను స్టూళ్లు లెక్కపెట్టాను. ఆరే ఉన్నాయి.

“తప్పు నీది కాదు బిడ్డా,” అంది వైష్ణవితో. రెండు రోజులకు తొమ్మిది వందలు తీసి చేతిలో పెట్టింది. “ఉంటనంటే ఉండు. గిన్నెలు మాత్రం ఉంటయ్.”

“వద్దులే అక్కా. నాకు పడదు. మీరు ముందే చెప్పుంటే నా బస్సు చార్జీలన్నా మిగిలేవి.” పోతూ పోతూ నా వైపు తిరిగి, “మీరేనా రాసింది? బాగా రాస్తారండీ,” అంది. నా రాతకు వచ్చిన మొదటి సమీక్ష అది.

ఆ రోజు బుధవారం. సోమవారానికి ఇంకా ఐదు రోజులు.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చీపురు నా చేతికిచ్చింది.

“పొద్దుగాల పని నువ్వు చెయ్యి. చేసినంక రాయి.”

ప్రభాకరన్నకు కడుపునొప్పి అని ఫోన్ చేసి, మర్నాడు ఆరున్నరకు చేరాను. ఎనిమిదిన్నరకల్లా కడుపు కాదు, నడుం నొప్పి నిజంగానే మొదలైంది. ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా కూర్చోవడమనేది లేదు. ఒక గ్లాసు కడిగేలోపు మూడు గ్లాసులు వస్తాయి. నాలుగు పగలగొట్టాను. ఐదోది పగిలినప్పుడు ఒక డ్రైవర్, “తమ్మీ, నువ్వు ఏం సదివినవ్?” అని అడిగాడు. సగం ఇంజనీరింగ్ అన్నాను. “గందుకే సగం గ్లాసులే మిగిలినయ్,” అన్నాడు.

పది దాటాక కాస్త ఊపిరి తీసుకోవడానికి వీలు దొరికింది. గ్రేసక్క నాకో ఇడ్లీ ప్లేటు పెట్టి, తనూ పక్కన కూర్చుంది. ఆమె ఊరు మోతె. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోతే, మిర్యాలగూడలో ఒక హాస్టల్ వంటింట్లో చేరింది. “జీతం ఎంతమ్మా అంటే, ముందు పని జెయ్యి, సూసి ఇస్తం అన్నరు. ఆరు నెలలు సూసుడే సరిపోయింది వాళ్లకు.” ఆ తర్వాత కోదాడలో పెళ్లి వంటల మేస్త్రి దగ్గర పన్నెండేళ్లు. కూరగాయలు తరగడానికి రమ్మంటారు, పోయాక గుండిగలు తోమాలి. సాయంత్రానికి పంపిస్తామంటారు, తెల్లారుతుంది. డబ్బులు అడిగితే, నీకేం తక్కువ చేస్తామా అంటారు. ఒకసారి పదహారు గంటలు చేస్తే, రెండు బిర్యానీ పొట్లాలు కట్టి దండం పెట్టారట.

“ఎంత ఇస్తరో, ఏం చెయ్యాలో, ఎన్నింటికి ఇడుస్తరో. ఈ మూడు ముక్కలు ఎవ్వలూ నాకు ముందు చెప్పలే సంపత్. నా దగ్గరికి పనికొచ్చేటోళ్లకు చెప్తనని అనుకున్న. నువ్వేమో ఆ మూడూ తీసి పారేసినవ్.” ఆగి, నెమ్మదిగా అడిగింది. “గిన్నెలు తోముడు నీకు సిగ్గనిపిచ్చిందా, నాకు సిగ్గనుకున్నవా?”

ఇడ్లీ ప్లేటు నేనే కడిగి బోర్లించాను.

మధ్యాహ్నం షాపుకు పోయి కొత్తది టైప్ చేశాను. ఒక్క విశేషణం పెట్టలేదు.

‘గ్రేస్ కేఫ్‌లో పనికి ఒకరు కావాలి. బస్టాండు వెనక సందు, సూర్యాపేట.
పని: టీ, టిఫిన్ అందించడం. గ్లాసులు, గిన్నెలు కడగడం. బల్లలు, నేల తుడవడం. పదకొండు గంటలకు ఎదురు సందులోని బ్యాంకుకు టీ ఫ్లాస్కులు తీసుకెళ్లడం. వంట పని లేదు.
సమయం: ఉదయం 6.30 నుంచి మధ్యాహ్నం 2.30 వరకు. మధ్యలో అరగంట విశ్రాంతి. 8 నుంచి 9.30 దాకా కూర్చునే వీలుండదు.
సెలవు: ప్రతి ఆదివారం. జీతం కోత ఉండదు.
జీతం: నెలకు 13,500 రూపాయలు, ప్రతి నెల 5వ తేదీన. ఉదయం టిఫిన్, టీ ఉచితం.
ఆడవాళ్లయినా, మగవాళ్లయినా 18 ఏళ్లు నిండి ఉండాలి. అనుభవం అవసరం లేదు.
ఫోన్ మధ్యాహ్నం 3 తర్వాతే చేయండి.’

ప్రభాకరన్న చదివి, “గిది ప్రకటనా, కోర్టు కాయితమా?” అన్నాడు. పదమూడున్నర వేల దగ్గర అతని చూపు ఆగింది. నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను. “కడుపునొప్పి తగ్గిందా?” అన్నాడు, మాట మారుస్తూ. ఈసారి అన్నీ ప్రింట్ తీసేముందు ఒక కాపీ గ్రేసక్క చేతికిచ్చాను. చేతులు తుడుచుకుని మొత్తం చదివింది. ‘కూర్చునే వీలుండదు’ దగ్గర నవ్వింది.

శుక్రవారం ఫోన్లు నాలుగే. ముగ్గురు గిన్నెలకు వద్దన్నారు, అదీ మర్యాదగానే. శనివారం మూడింటికి ఒకావిడ ఫోన్ చేయకుండా నేరుగా వచ్చింది. పేరు ముత్తమ్మ, ఊరు పెన్‌పహాడ్. నలభై ఐదేళ్లుంటాయి. చేతి సంచి ఒళ్లో పెట్టుకుని స్టూలు అంచున కూర్చుంది.

“ఆదివారం నిజంగ సెలవేనా?”

“నిజంగనే. నేను చర్చికి పోవాలె,” అంది గ్రేసక్క.

“మా బస్సు ఆరూ నలభైకి గాని ఈడికి రాదు. ఆరున్నరకు ఎట్ల రావాలె?”

గ్రేసక్క గోడ మీది కాగితం వైపు చూసింది. “ఏడింటికి రా. మూడింటికి పో. సంపత్, కాయితంల మార్చు.”

మార్చాను, పెన్నుతోనే, రెండు చోట్లా.

“ఇంకేమన్న అడిగేది ఉన్నదా?” అంది గ్రేసక్క.

ముత్తమ్మ సంచి సర్దుకుంది. “నాకు సదువు రాదమ్మా. బస్టాండుల ఒక పిలగాడు సదివి చెప్పిండు. వాడు అంత సదివిండో, బస్సొచ్చిందని సగం ఇడిసిండో ఎవలకు ఎరుక. పైసల ముచ్చట, టైము, ఆదివారం ముచ్చట గట్టిగ చెప్పిండు. మిగిలింది నాకు యాదికి లేదు.”

గ్రేసక్క గోడకున్న కాగితాన్ని పీకి నాకందించింది. తనే చదవగలదు, అయినా నన్నే చదవమంది. స్టవ్ కట్టేసి, చేతులు కట్టుకుని ముత్తమ్మ పక్కన నిలబడింది.

“సంపత్, అక్కకు ఇది సదివి ఇనిపియ్యి. మొదటి నుంచి చివరిదాకా. గిన్నెల ముచ్చట మెల్లగ సదువు. ఒక్క మాట తియ్యకు, ఒక్క మాట కలపకు.”