పది బిళ్లల ప్రశ్న

మా ఆసుపత్రిలో నర్సమ్మగారు రెండుసార్లు పరీక్ష తప్పారు. రెండుసార్లూ ఒకే పేపరు, మందుల లెక్కలు. మూడోసారి కూడా తప్పితే నర్సు పని తీసేసి ఆయా పనికి పంపిస్తామని పైఆఫీసు నుంచి కాగితం వచ్చింది. అప్పటికి ఆవిడ చోడవరం ఆసుపత్రిలో పదమూడేళ్లుగా ఇంజెక్షన్లు ఇస్తున్నారు. నేను కాంపౌండరుగా చేరి పదమూడు నెలలు.

డాక్టరుగారు నన్ను పిలిచి, "ఏమయ్యా, నువ్వు లెక్కలు బాగా చేస్తావుగా, ఆవిడకి చెప్పు" అన్నారు. రెండు నెలల వ్యవధి ఉంది. మధ్యాహ్నం రెండు నుంచి మూడు వరకు, బయటి రోగులు వెళ్లిపోయాక, మందుల గదిలో పాఠం. మొదటి రోజునే నేను ఒక తెల్లకాగితం మీద పద్ధతి రాసి గోడకు అంటించాను.

ఒకటి, డాక్టరు రాసిన మోతాదు. రెండు, మన దగ్గర ఉన్న బిళ్ల బలం. మూడు, రెండూ ఒకే కొలతలోకి తేవాలి. నాలుగు, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. అయిదు, బిళ్లను ఎన్ని మినిమ్ల నీళ్లలో కరిగిస్తే అన్నింటితో గుణించాలి. మినిమ్ అంటే సిరంజి మీద ఉండే చిన్న గీత, రమారమి ఒక చుక్క. గ్రెయిను అంటే మందు తూకం.

"అయిదేనా?" అన్నారు ఆవిడ.

"అయిదే."

"మరి నాను రెండుసార్లెందుకు పోయేను బాబూ?"

ఆ సంగతి తెలుసుకోవడానికి ఒక లెక్క ఇచ్చాను. మార్ఫియా బిళ్ల పావు గ్రెయిను. ఇవ్వవలసింది ఆరో వంతు గ్రెయిను. బిళ్లను పద్దెనిమిది మినిమ్లలో కరిగించాం. ఎన్ని మినిమ్లు ఎక్కించాలి?

ఆవిడ పలక మీద చాలాసేపు గీసి, ఇరవై ఏడు అన్నారు. భిన్నాన్ని తిరగేశారు.

"సిరంజిలో ఉన్నదే పద్దెనిమిది కదండీ. ఇరవై ఏడు ఎక్కడ్నుంచి తెస్తారు?"

"రెండో బిళ్ల కరిగిస్తాను. ఆ మాత్రం తెలీదేటి?"

దీనికి నా కాగితంలో సమాధానం లేదు. ఒకోసారి రెండు బిళ్లలు కరిగించవలసి వస్తుంది కూడా. కాబట్టి ఆవిడ చెప్పింది పద్ధతి ప్రకారం తప్పు కాదు, ఆ రోగి ప్రకారం తప్పు. కొంచెం విచారిస్తే అసలు జబ్బు బయటపడింది. నాలుగు కన్నా ఆరు పెద్దది కాబట్టి పావు కన్నా ఆరో వంతు పెద్దదని ఆవిడ అనుకుంటున్నారు. అర, పావు, అరపావు అంటే పుట్టినప్పటి నుంచి చేతిలో ఉన్నవి. ఆరో వంతుకు అంగట్లో పేరు లేదు. పేరు లేని వస్తువును ఎవరు నమ్ముతారు?

బొమ్మ గీసి చూపించాను. గుండ్రంగా గీసి ఆరు ముక్కలు చేశాను. ఆవిడ మర్యాదగా చూశారు. మర్నాడు మళ్లీ ఇరవై ఏడే.

మూడో రోజున వార్డులో పాలు పంచుతున్నారు. రోజూ ఒకటే గిన్నె. ముందు రోజు దాకా ఆసుపత్రి తిండి తినే డైటు రోగులు నలుగురు ఉండేవాళ్లు, ఆ రోజు మాడుగుల నుంచి ఇంకో ఇద్దరు వచ్చి చేరారు. గ్లాసు చూసి ఒక ముసలాయన, "ఏటమ్మా, నిన్న నిండా పోసేవు, ఇయాల అడుగంటిందేటి?" అన్నాడు.

"నిన్న నాలుగు మంచాలు తాతా, ఇయాల ఆరు మంచాలు. గిన్నె పెరిగిందేటి?" అన్నారు నర్సమ్మగారు, ఎంతో విసుగ్గా.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. "ఇప్పుడు మీరేమన్నారో అదేనండి మార్ఫియా" అన్నాను.

ఆవిడ గిన్నె చేత్తో పట్టుకునే ఒక నిమిషం ఆలోచించారు. "అంటే పావు నాలుగు మంచాలు. ఆరో వంతు ఆరు మంచాలు. మరైతే ఒక్క బిళ్ల కన్నా తక్కువే. ఇంతేనా? ఇదేదో గుండ్రాలు గీసి చంపేసేవు గదా బాబూ."

ఆ మధ్యాహ్నం పన్నెండు మినిమ్లు వచ్చింది. నేను కాగితం మీద ఒకటికి పైన సున్నా అని వేసి, లెక్క మొదలుపెట్టకముందే జవాబు ఒక బిళ్ల కన్నా ఎక్కువో తక్కువో మూల రాసుకోవాలి అని చేర్చాను. చివర వచ్చిన జవాబు దానికి ఎదురు తిరిగితే లెక్క తిరగెయ్యాలి. మంచాల ప్రస్తావన కాగితం మీద రాయలేదు, అది గుర్తింపు పొందిన కొలత కాదు.

తర్వాత గ్రెయిన్లు, మిల్లీగ్రాములు. అప్పుడప్పుడే కొత్త సీసాల మీద మిల్లీగ్రాములు రావడం మొదలైంది, డాక్టర్లు మాత్రం గ్రెయిన్లలోనే రాసేవారు. ఒక గ్రెయిను దగ్గర దగ్గర అరవై మిల్లీగ్రాములు. అందులో ఆవిడకు ఇబ్బంది రాలేదు. అరవైతో వ్యవహారం నిమిషాల నుంచే అలవాటు అన్నారు. రెండు నెలల్లో పదింటికి ఏడు సరిగ్గా వచ్చేవి.

విశాఖపట్నంలో పరీక్ష. ఉదయం బస్సుకు వెళ్లి సాయంత్రానికి వచ్చారు. మర్నాడు మందుల గదిలో ప్రశ్నపత్రం నా చేతిలో పెట్టారు. అయిదు ప్రశ్నలు. పాసవ్వాలంటే మూడు సరిగ్గా ఉండాలి.

ఆవిడ రాసిన జవాబులు చెబుతుంటే నేను వరసగా చూసుకుంటూ వచ్చాను. మొదటిది మార్ఫియా, సరిగ్గా చేశారు. రెండోది, అరవై మిల్లీగ్రాముల నిద్రమందుకి అర గ్రెయిను బిళ్లలు ఎన్ని అని. రెండు అని రాశారు, సరే. మూడోది కార్బాలిక్ లోషను, ఇరవైకి ఒకటి పాళ్లలో ఉన్నదాన్ని ఎనభైకి ఒకటిగా పలచన చేసి ఇరవై ఔన్సులు తయారు చేయాలి. అయిదు ఔన్సుల మందు, పదిహేను నీళ్లు. ఆవిడ పదిహేను మందు, అయిదు నీళ్లు అని రాశారు. పోయింది. అయిదోది ముట్టుకోలేదు.

"ఎందుకు ముట్టుకోలేదు?"

"టైము లేదు. నాలుగోది అరగంట తినేసింది."

నాలుగోది చదివాను. ఆపరేషనుకు ముందు రోగికి అట్రోపిను పదో వంతు గ్రెయిను ఇవ్వాలి. బిళ్లలు నూరో వంతు గ్రెయినువి. ఎన్ని బిళ్లలు?

అయిదింటిలోకీ తేలికైనది ఇదే. పది. మిల్లీగ్రాముల్లోకి మార్చి చేసినా అంతే, ఆరింటిని సున్నా పాయింటు ఆరుతో భాగిస్తే పది. సున్నా నెంబరు సూత్రం ప్రకారం ఒకటి కన్నా ఎక్కువ రావాలి, వచ్చింది. మిగులు లేకుండా తెగిన లెక్క.

"ఏం రాశారు?"

"పది అని రాసేను. కింద, ఇవ్వను, డాక్టరు గారిని మళ్లీ అడుగుతాను అని రాసేను."

నాకు కోపం వచ్చింది. "ఎవరు అడిగారండీ మిమ్మల్ని ఇస్తారా ఇవ్వరా అని? ఎన్ని బిళ్లలు అన్నారు, ఎన్నో చెప్పి ఊరుకోవాలి. రెండోది ఎందుకు రాశారు?"

"నువ్వొక బిళ్ల ఇచ్చి సూసేవా ఎప్పుడైనా?"

నేను చూడలేదు. మందుల గదిలో ఉండేవాడిని.

"ఒకటేస్తేనే నోరెండిపోయి నీళ్లు నీళ్లంటారు. కళ్లు ఇంతింతవుతాయి. పదా? ఇరవై మందికి ఎక్కించేను నాను, ఒక్కడికీ ఒకటి దాటలేదు. పది అని రాసి లేచి ఎల్లిపోదామనుకున్నాను. సెయ్యి రాలేదు. మళ్లీ లెక్కేసేను. మళ్లీ పదే. నాలుగుసార్లేసేను."

బీరువాలోంచి పాత మందుల పుస్తకం తీశాను. అట్రోపిను పెద్ద మోతాదు అరవయ్యో వంతు గ్రెయిను అని ఉంది. పదో వంతు అంటే దానికి ఆరు రెట్లు. నా సూత్రాలు ఆరింటికి ఆరూ సరిపోయాయి. రోగి సంగతి మాత్రం చెప్పలేం.

డాక్టరుగారు ప్రశ్నపత్రాన్ని వెలుతురుకు పట్టుకుని చూసి, "నూరు అచ్చెయ్యబోయి పది అచ్చేశారేమో. లేదా కావాలనే వేశారేమో" అన్నారు.

"మార్కులు ఇస్తారంటారా?" అన్నాను.

"లెక్కల మాస్టారు దిద్దితే పది కింద ఆ రెండో వాక్యం చూసి కొట్టేస్తాడు. ఆసుపత్రి మనిషి దిద్దితే ఇస్తాడు. ఎవరు దిద్దుతారో మనకేం తెలుసు?"

నర్సమ్మగారు అక్కడే ఉన్నారు. "ఇవ్వమని మీరే రాస్తే ఇవ్వమంటారా బాబూ?" అని అడిగారు.

"ఇస్తే నీ ఉద్యోగం నేనే తీసేద్దును" అన్నారు డాక్టరుగారు. అలా చూస్తే ఇచ్చినా పోతుంది, ఇవ్వకపోయినా పోతుంది.

మూడు వారాలకు మళ్లీ కాగితం వచ్చింది. పాసు కాదు, ఫెయిలు కాదు. మర్నాడే నోటి పరీక్షకు హాజరు కమ్మని. ఆవిడ ఆ సాయంత్రమే చీర ఉతుక్కుని ఆరేసుకున్నారు. మర్నాడు తెల్లవారగానే బస్సెక్కారు.

తిరిగొచ్చాక జరిగినదంతా మందుల గదిలో చెప్పారు. బల్లకు అవతల ఒక పెద్ద డాక్టరమ్మగారు. చేతిలో ఈవిడ పేపరు.

"ఇవ్వను అని రాసేరేం అన్నాది. ఎక్కువండి అన్నాను. లెక్క తప్పా అన్నాది. లెక్క సరేనండి, రాసిన ఆర్డరే ఎక్కువండి అన్నాను. మీ పై డాక్టరు గద్దించి ఇవ్వమంటేనో అన్నాది."

"మీరేమన్నారు?"

"ఆయన సేతికే సిరంజి ఇస్తానండి, ఆయన్నే ఎక్కించమంటానండి అన్నాను. పక్కనున్నాయన నవ్వేడు. ఆవిడ నవ్వలేదు."

తర్వాత అసలు ప్రశ్న అడిగారట. బిళ్ల నూరో వంతు గ్రెయిను, ఇవ్వవలసింది నూట యాభయ్యో వంతు. పదిహేను మినిమ్లలో కరిగిస్తే ఎన్ని? ముందుగా, ఒక బిళ్ల కన్నా తక్కువేనండి, అని చెప్పి ఆగారట. ఎందుకు ఆగావు, చెప్పు అన్నారట. ముందు ఆ ముక్క చెప్పాలని మా కాంపౌండరు నేర్పాడని, ఇప్పుడు లెక్క వేస్తానని చెప్పి, వేసి, పది మినిమ్లన్నారు.

"లోషను గురించి అడగలేదా?"

"అడిగేరు. వార్డులో ఎలా కలుపుతావు అన్నారు. సేసి సూపించేను. మరి కాగితం మీద ఇలా రాసేవేటి అన్నారు. కాగితం మీద సెయ్యి తడవదు కదండి అన్నాను."

ఇది చెప్పి ఆవిడ ఇంజెక్షను సూదులు ఉడకబెట్టడానికి స్టవ్ వెలిగించుకున్నారు. నేను ఔన్సు గ్లాసులు తుడిచాను.

ఆర్డరు మంగళవారం టపాలో వచ్చింది. పాసు. ఖాయం చేశాం, ఇదే ఆసుపత్రిలో నర్సుగా కొనసాగవచ్చు అని ఉంది. మార్కులు వెయ్యలేదు. డాక్టరుగారు చదివి ఆవిడ చేతికిచ్చారు. ఆవిడ రెండుసార్లు చదువుకుని, మడిచి, జాకెట్టులో పెట్టుకున్నారు.

నాకు తృప్తి కలగలేదు. నాలుగో ప్రశ్నకు మార్కులు దేనికి ఇచ్చారో తేలలేదు. పదికా, ఇవ్వను అన్నదానికా? లేక అది కొట్టేసి నోటి పరీక్ష మీద గట్టెక్కించారా? మూడూ వీలయ్యేవే. ఒక అర్జీ రాసి పంపిస్తే చెప్తారన్నాను. ముసాయిదా కూడా రాశాను, ఏడు వాక్యాలు.

"ఊరుకో బాబూ" అన్నారు నర్సమ్మగారు. "అడిగేవంటే మళ్లీ లెక్కెడతారు."

ఆవిడ నా ముసాయిదా తీసుకుని నాలుగు మడతలు పెట్టి, కుంటుతున్న ఇంజెక్షను బల్ల కాలి కింద దోపి, నాలుగు గంటల పెన్సిలిన్ కి వార్డులోకి వెళ్లారు.