మందు పేరు చెప్పని కార్డు

నందిగామలో మా నాన్నది బట్టల కొట్టు. నన్నిచ్చింది జగ్గయ్యపేటలో ఇంకో బట్టల కొట్టువాళ్లకి. అంటే పుట్టిల్లు వదిలానన్న మాటేగాని, పరుపు మీదనుంచి దిగింది లేదు. మా కొట్లలో కుర్చీలుండవు, పరుపులుంటాయి. వచ్చినవాళ్లు చెప్పులు విడిచి ఎక్కి కూర్చుంటారు. మేం ఒక ధర చెబుతాం. అదెవరూ నమ్మరు, మేమూ నమ్మం. వాళ్లు సగానికి అడుగుతారు. మేం ‘రాదండీ’ అంటాం. వాళ్లు లేచి మెట్టు దిగుతారు. ‘సరే రండి’ అని మేం పిలుస్తాం. ఈ మెట్టు దిగడం, వెనక్కి పిలవడం లేకుండా మా బజారులో ఒక్క తువ్వాలు కూడా అమ్ముడుపోయేది కాదు. పదేళ్లు వచ్చేసరికే, ఎవరు నిజంగా వెళ్లిపోతున్నారో, ఎవరు మెట్టు మీద ఆగుతారో వాళ్ల వీపు చూసి చెప్పేదాన్ని. ఆ తెలివికి చాలా గర్వపడేదాన్ని.

మా అబ్బాయికి మూడో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. చేతిలో తాళాలగుత్తి పెట్టాం, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టాం, తాయెత్తులు కట్టించాం. అందరూ చేసేవన్నీ చేశాక, ఎవరో చెబితే గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. నరాల డాక్టరు వాణ్ని తూచి, మందు రాసి, మాత్ర ఒక్క పూట కూడా మానొద్దన్నారు. నెమ్మది మీద ఫిట్స్ ఆగాయి. వాడు బళ్లో చేరిన ఏడాది, ఆ సంతోషం పట్టలేక నేనొక వారపత్రికకు ఉత్తరం రాశాను. పాఠకుల పేజీలో వేశారు. కింద నా పేరు, ఊరి పేరు కూడా వేశారు. నా పేరు అచ్చులో చూసుకుని, ఆ పత్రిక కాపీలు నాలుగు కొనిపించాను. ఒకటి కొట్లోనే, వచ్చినవాళ్లకు కనబడేలా పెట్టాను.

తరవాత ఉత్తరాలు మొదలయ్యాయి. ‘ఫిట్స్ బాబు తల్లిగారికి, బట్టల కొట్టు, జగ్గయ్యపేట’ అని రాసినా పోస్టుమాన్ తెచ్చి పరుపు మీద వేసేవాడు. కొందరు మర్యాదగా జవాబు కార్డు జతచేసి పంపేవాళ్లు. చాలామందికి అదీ తోచేది కాదు. ఒక్కో కార్డు మూలమూలలా నిండి ఉండేది. పిల్లకు పెళ్లి కుదరడం లేదని ఒకరు, కొడుకును బళ్లోంచి పంపేశారని ఒకరు. అందరూ చివర్న అడిగేది ఒకటే. ఆ మాత్ర పేరేమిటి?

మొదట్లో కూర్చుని పెద్ద పెద్ద ఉత్తరాలు రాశాను. మధ్యాహ్నం బేరాలు లేని వేళ మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా అయ్యేది. రాసింది మళ్లీ చదివితే అందులో మా అబ్బాయి కథే ఉండేది గాని, అడిగినవాళ్లకు పనికొచ్చేది రెండు ముక్కలు కూడా ఉండేది కాదు. పైగా ఒకరికి జవాబు రాసేలోపు ముగ్గురివి వచ్చేవి. నేనింకా జవాబివ్వని కార్డులు చూస్తే అన్నం సయించేది కాదు.

అందుకని ఒక నమూనా తయారుచేసుకున్నాను. దాన్ని గల్లాపెట్టె మూతకు లోపలివైపు అంటించాను. ప్రతివాళ్లకూ అదే దించి రాయడం. ఇలా ఉండేది:

‘మీ ఉత్తరం అందింది. మీ బాధ నాకు తెలుసు. నేను డాక్టరును కాను గనక మందు పేరు చెప్పలేను. దయచేసి మళ్లీ అడగవద్దు. వీలు చూసుకుని పెద్దాసుపత్రికి వెళ్లండి.’

మామగారు అది చదివి కళ్లజోడు తీశారు.

“నీ కార్డు చూస్తే నాకే బేరమాడబుద్ధేస్తోందమ్మాయ్,” అన్నారు.

పెద్దాయన వేళాకోళమని నవ్వి ఊరుకున్నాను. మందు పేరు చెప్పకపోవడం మాత్రం నేను సరదాగా పెట్టుకున్న నియమం కాదు. డాక్టరుగారు గట్టిగా చెప్పారు. వయసును బట్టి, బరువును బట్టి, వచ్చే ఫిట్స్ రకాన్ని బట్టి మందు మారుతుందట. ఒకరిది ఇంకొకరికి వేస్తే ప్రాణం మీదకు రావచ్చట. నా పరుపు మీద బేరం లేని సరుకు అదొక్కటే.

కంచికచర్ల అవతల పల్లెనుంచి ఒక రైతు రాశాడు. కూతురికి పన్నెండేళ్లు, రెండేళ్లుగా ఫిట్స్. తల్లి లేదు. పొయ్యి దగ్గర పనంతా ఆ పిల్లే చేస్తుంది. మీ బాబు వేసుకున్న మాత్ర పేరు రాసి పుణ్యం కట్టుకోండి అని. నమూనా దించి పంపాను. కొన్నాళ్లకు మళ్లీ రాశాడు. ఈసారి అక్షరాలు ఇంకా వినయంగా ఉన్నాయి. మీరడిగింది ఇచ్చుకుంటాను, మా చేలో పండిన మిరపకాయలు మంచివి, అని. మళ్లీ అదే నమూనా, పొల్లు పోకుండా, దించి పంపాను. రెండోసారి అడిగినవాళ్లకు కొత్త మాట రాయకూడదని నా లెక్క. ఒకరికి వంగితే అందరికీ వంగాలని.

తరవాత ఒకరోజు మధ్యాహ్నం ఆయనే వచ్చాడు. భుజం మీద మిరపకాయల గోతం దించి, మెట్టు కింద చెప్పులు విడిచి, పరుపు అంచున కూర్చున్నాడు. జేబులోంచి నా రెండు కార్డులూ తీసి పక్కపక్కన పెట్టాడు. చేనువాడి వేళ్లు. అవి నలగకుండా ఎంత జాగ్రత్తగా దాచాడో తెలుస్తోంది.

మంచినీళ్లు ఇప్పించాను. ఆయన వెంటనే విషయానికి రాలేదు. ఎండ సంగతి, బస్సు సంగతి చెప్పాడు. కొట్టు బాగుందన్నాడు. పరుపు మీద పుట్టినదాన్ని కదా, ఆ పద్ధతి నాకు కొత్త కాదు. చివరికి అడిగాడు. నేను కాదన్నాను. గోతం మూతి విప్పి కాయలు చూపించాడు. ఎర్రగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. వద్దన్నాను. ఆయన నవ్వాడు. మా బజారులో మంచి బేరగాళ్లు నవ్వే నవ్వు. కోపం లేని నవ్వు.

లేచాడు. కార్డులు జేబులో పెట్టుకున్నాడు. మెట్టు దిగాడు.

దిగి ఆగాడు.

ఆ వీపు నాకు తెలుసు. వెళ్లిపోయే వీపు కాదది. నేను వెనక్కి పిలుస్తానని నిలబడిన వీపు. మామగారి మాట అప్పుడు తగిలింది. ఈ మనిషి నా కార్డును కార్డుగా చదవలేదు. మొదటి కార్డు మొదటి ధర. రెండోది, అదే మాట మీద నిలబడిన గట్టి ఆసామి. మూడోసారి మనిషి ఎదురుగా వస్తే ధర దిగుతుందని ఇంతదూరం వచ్చాడు. మా ప్రాంతంలో ఎవరైనా అలాగే అనుకుంటారు. చెప్పలేనన్నవాడి దగ్గర సరుకుందనే కదా అర్థం. ఇక ‘వీలు చూసుకుని పెద్దాసుపత్రికి’ అన్నది, బేరం కుదరనప్పుడు ‘పోనీ ఇంకో కొట్లో చూసుకోండి’ అన్నట్టే వినబడి ఉంటుంది. ఆ మాట విని ఇంకో కొట్టుకు వెళ్లినవాణ్ని నేనెన్నడూ చూడలేదు.

“అన్నయ్యగారూ, రండి, కూర్చోండి,” అన్నాను.

మొహం విప్పారింది. గబగబా ఎక్కి కూర్చున్నాడు.

“అమ్మాయిని ఆసుపత్రికి తీసుకెళ్లారా?” అన్నాను.

“ఎక్కడమ్మా. మీరు పేరు చెబితే సరిపోయేదానికి అంతదూరం ఎందుకని ఆగా.”

“ఎలా ఉంది ఇప్పుడు?”

ఆయన గోతం మూతి మళ్లీ కట్టడం మొదలుపెట్టాడు. కడుతూనే చెప్పాడు.

“మీ రెండో కార్డొచ్చిన వారంలో పొయ్యిలో పడిందమ్మా. అన్నం వారుస్తా ఉండగా వచ్చింది. నేను చేలో ఉన్నా. కుడిచెయ్యి నిప్పుల్లోనే ఉండిపోయింది.”

ఎవరికి చూపించారంటే పసరు వేస్తున్నామన్నాడు. మామగారు లోపలనుంచి వచ్చి నిలబడ్డారు.  నాకిక బేరం మాటలేవీ రాలేదు.

“నేను దాచలేదన్నయ్యగారూ. మావాడి మందు మావాడి బరువు చూసి ఇచ్చింది. మీ అమ్మాయికి అది మందో విషమో నాకు తెలియదు. తెలియంది అమ్మలేను. రేపు పొద్దున మొదటి బస్సుకి పిల్లని తీసుకుని గుంటూరు వెళ్లండి. ఆ చెయ్యీ చూపించండి, ఫిట్సూ చూపించండి. పొద్దెక్కితే డాక్టరును చూసే చీటీలు ఇవ్వడం ఆపేస్తారు, పొద్దున్నే ఉండాలి.”

ఆయన చాలాసేపు నన్నే చూశాడు. ఇందులో ఇంకా ఏమైనా దిగేది మిగిలిందా అని వెతికినట్టు. లేదని తెలిశాక తల ఊపాడు.

“ఈ ముక్క ముందే రాసుంటే బాగుండేదమ్మా,” అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. గోతం వదిలి వెళ్లబోతే మామగారు దాన్ని బస్టాండు దాకా మోసుకెళ్లి, ఆయన్ని బస్సెక్కించి వచ్చారు.  మామగారు వేళాకోళం ఆడని రోజు నాకు గుర్తున్నంతలో అదొక్కటే.

ఆ సాయంత్రం గల్లాపెట్టె మూత గీకి పాత నమూనా తీసేశాను. కొత్తది ఇలా రాశాను:

‘మీ ఉత్తరం చదివాను. ఈ వారంలోనే బిడ్డను గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, నరాల డాక్టరు చూస్తారు, పొద్దున్నే చేరండి. ఫిట్స్ ఎప్పుడు వచ్చాయో, ఎంతసేపు ఉన్నాయో గుర్తుపెట్టుకుని చెప్పండి. అప్పటిదాకా పొయ్యి దగ్గరికి, బావి దగ్గరికి ఒంటరిగా పంపవద్దు. వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టవద్దు. ఇప్పటికే మాత్రలు వాడుతుంటే డాక్టరు చెప్పకుండా ఆపవద్దు. మా అబ్బాయి మందు మీ బిడ్డకు పనికిరాకపోవచ్చు, హాని చేయవచ్చు, అందుకే ఎవరికీ చెప్పను. నాకు తెలిసిందంతా ఇదే. మళ్లీ రాసినా ఇదే రాస్తాను.’

వెళ్లాల్సిన చోటు ముందు, కాదన్న మాట తరవాత. కార్డులో పట్టాలని అక్షరాలు చిన్నవి చేశాను. మిగిలిన జాగాలో వాళ్ల బిడ్డ పేరు వచ్చేలా ఒక్క వాక్యం సొంతంగా రాసేదాన్ని, అంతే. రెండోసారి రాసేవాళ్లు తగ్గారు. పూర్తిగా పోలేదు. జవాబివ్వని కార్డులు గల్లాపెట్టెలో మిగలకుండా, భోజనాల వేళకు లేవగలిగేదాన్ని. ఆ పిల్ల కాలిన చెయ్యి మాత్రం రాసే ప్రతి కార్డు కిందా నాకు కనబడేది.

మరో రెండేళ్లకు, ఆ రైతు కూతురిని తీసుకుని కొట్టుకు వచ్చాడు. ఓణీ కొనాలని. మాత్రలు మానకుండా వేస్తున్నారట, ఫిట్స్ ఎప్పుడో ఒకటి గాని రావడం లేదట. పిల్ల పొడుగైంది. కుడిచెయ్యి చీర చెంగులా వేసుకున్న తువ్వాలు కింద దాచుకుని కూర్చుంది. ఎడమచేత్తో ఒక నీలం ఓణీ తడిమి చూస్తుంటే, తువ్వాలు జారింది. వేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోయి, అక్కడే అతుక్కుపోయి ఉన్నాయి. ఆసుపత్రిలో, ముందే తెస్తే విప్పి ఉండేవాళ్లమన్నారట.

ధరెంతని ఆయన అడిగాడు. నేను చెప్పాను. అలవాటుగా, నోటికి వచ్చిన మొదటి ధర, ఎవరూ నమ్మని ధర.

“కట్టండమ్మా,” అన్నాడాయన.

డబ్బు తీస్తున్నాడు. మామగారు నా వైపు చూశారు. నా జీవితంలో చెప్పిన ధరకు కొన్న మొదటి మనిషి ఆయన.

“ఎక్కువ చెప్పా అన్నయ్యగారూ, సగమే ఇవ్వండి,” అన్నాను.

“ఎందుకమ్మా, మీరు చెప్పిందే ఇస్తా. మీ దగ్గర బేరమాడను,” అన్నాడు.

నేను బతిమాలాను. ఆయన ఒక్క పైసా తగ్గించనివ్వలేదు. డబ్బు పరుపు మీద పెట్టి, పిల్ల ఎడమచెయ్యి పట్టుకుని మెట్టు దిగాడు. ఈసారి ఆగలేదు.