ఏడో మెట్టు మీద పచ్చపాదం

వానలు వెనకపట్టి నాలుగు రోజులైనా పాచి గీకడానికి రమ్మని కబురు రాకపోతే పాచి పిన్నికి కాలూ చెయ్యీ ఆడదు. ఇన్ని మేడలున్నాయి, ఇన్ని మెట్లున్నాయి, ఎక్కడా పాచి పట్టకుండా ఎలా ఉంటుందని ఆవిడ వాదన. నిజమే. వాన అందరి ఇళ్ల మీదా పడుతుంది, పాచి అందరి మెట్లకూ పడుతుంది. కాకపోతే జారిపడ్డవాళ్లకే పిన్ని గుర్తొస్తుంది.

కాగితాల మీద ఆవిడకు వేరే పేరుంది గాని, అది ఆవిడే అప్పుడప్పుడు మరిచిపోతుంది. వీధి మొదట్లో ఉన్న రెండంతస్తుల ఇంటి పిల్లవాడు చిన్నప్పుడెప్పుడో “అమ్మా, పాచి పిన్ని వచ్చింది” అని కేకేశాడు. అంతే, ఆ పేరు పాచిలాగే పట్టుకుంది. ఎంత గీకినా పోలేదు. ఆ పిల్లవాడికి ఇప్పుడు పెళ్లయింది, ఎనిమిది నెలల పాపాయి కూడా ఉంది.

ఈ ఏడు మొదటి కబురు ఆ ఇంటినుంచే వచ్చింది. అదీ మామూలు కబురు కాదు. ఇంటావిడ స్వయంగా ఫోన్ చేసింది.

“పిన్నీ, కోడలు డాబా మెట్ల మీద జారిపడింది. తుంటి వాచింది, మోచెయ్యి చీరుకుపోయింది. నయం, పాప చంకలో లేదు. తడిబట్టల బకెట్టే ఉంది. నువ్వు వెంటనే రావాలి.”

“ఎన్నో మెట్టు మీదమ్మా?” అంది పిన్ని.

“ఏడో మెట్టు” అంది ఇంటావిడ.

పిన్ని ఫోన్ పెట్టేసి, బకెట్టు, తాపీ, కొబ్బరిపీచు బ్రష్షు, బ్లీచింగ్ పౌడర్ డబ్బా సర్దుకుంది. తాళం వేసి నాలుగడుగులు వేశాక వెనక్కి వచ్చి, మేస్త్రి సంచిలోంచి ఉలి, సుత్తి కూడా తీసుకుంది. ఎందుకు తీసుకుందో అప్పటికి తనకే తెలియదనుకుందాం. మనసు తీసుకున్న నిర్ణయాలు చేతులకు ముందు తెలుస్తాయి.

మేస్త్రి అంటే ఆవిడ మొగుడు. పోయి మూడేళ్లయింది. ముక్కు మీద కోపం మనిషి. సిమెంటు, ఇసుక పాళ్లు ఒక తట్ట అటూ ఇటూ అయినా, తాపీ తడి ఆరినా వీధి వీధంతా వినపడేలా అరిచేవాడు. పెళ్లయిన మూడో నెలలో, ఈ ఇంటి మెట్లు కడుతున్నప్పుడు, పిన్ని ఇసుక తట్ట నెత్తిన పెట్టుకుని గబగబా ఎక్కుతూ, అప్పుడే నున్నగా తీర్చిన ఏడో మెట్టు మీద కాలు పెట్టేసింది. అయిదు వేళ్లూ మడమా దిగబడిపోయాయి. పని చేసేవాళ్లంతా చేతులాపి, ఇక పిడుగు పడుతుందని చూశారు. మేస్త్రి తాపీ పట్టుకుని వచ్చాడు. వంగి చూశాడు. పాదాన్ని చూశాడు, పెళ్లాం మొహం చూశాడు. “రేపు పూస్తాలే” అని వెళ్లిపోయాడు.

రేపటికి సిమెంటు గట్టిపడింది. ఆ రేపు ఇరవై ఆరేళ్లు సాగింది.

ఎప్పుడడిగినా అదే మాట. “ఆ గుంట పూడ్చవయ్యా” అని ఇంటావిడ అన్నప్పుడల్లా “రేపు రేపు” అంటూ తల గోక్కునేవాడు. పోనీ వదిలేశాడా అంటే అదీ లేదు. ఏటా వానలయ్యాక మెట్లన్నీ పిన్నికి వదిలి, ఆ ఒక్క మెట్టూ తనే శుభ్రం చేసేవాడు. పాదం లోపలికి నీళ్లు దిగి నిలిచేవి. అందుకని మిగతా మెట్ల కంటే వారం ముందే అక్కడ పాచి పుట్టేది. ముందు లేత ఆకుపచ్చ పొర, తర్వాత జిగురు, తర్వాత మెత్తటి నాచు. వేళ్లతో సహా పచ్చటి పాదం లేచేది. మేస్త్రి చీపురుపుల్లతో వేలికీ వేలికీ మధ్య గీకుతూ, “నీ కాలికి ఇంత పచ్చగా గోరింటాకు ఎవరు పెట్టారే” అని వెక్కిరించేవాడు. నోరు తెరిస్తే తిట్టే మనిషికి ఏడాదికి ఒక్కసారి ఆ మాట వచ్చేది. పిన్నికి ఆ ఒక్క మాట ఏడాదంతా సరిపోయేది.

పిన్ని వెళ్లేసరికి కోడలు వరండాలో కుర్చీలో ఒరిగి కూర్చుంది. మోచేతికి కట్టు ఉంది. పాప ఆ కట్టు పీకాలని చూస్తోంది.

“అమ్మాయ్, నొప్పి ఎలా ఉంది?”

“కూర్చుంటే పర్లేదు పిన్నీ, లేస్తేనే చుక్కలు కనిపిస్తున్నాయి. నేనే కొంత కడిగేద్దామని ఇదిగో, బాత్రూం యాసిడ్ తీసిపెట్టాను. మీ పౌడర్‌లో ఇది కూడా కలిపితే తొందరగా పోతుంది కదా?”

పిన్ని ఆ సీసా లాక్కున్నంత పని చేసింది. “తల్లీ! రెండూ కలిపావంటే ఆ ఆవిరికి గొంతు పట్టేస్తుంది, ఊపిరాడదు. యాసిడ్ ఒక్కటే పోసినా సిమెంటును తినేస్తుంది. గరుకుపడి, వచ్చే ఏడు పాచి ఇంకా బాగా అంటుకుంటుంది. దాన్ని అలమారులో పెట్టు, పాపకి అందనంత ఎత్తులో.”

“అత్తయ్య చెప్పారు, మీకు ఈ విషయంలో ఎదురు చెప్పకూడదని.”

“మీ అత్తగారు ఇరవై ఆరేళ్లుగా చెబుతున్న మంచిమాట అదొక్కటే” అంది పిన్ని. లోపలినుంచి ఇంటావిడ “వినబడుతోంది!” అని కేకేసింది.

ముందు బాల్కనీ పని. పూలకుండీల కింద పళ్లేల్లో నీళ్లు నిండి, కుండీ కుండీకీ చుట్టూ పచ్చటి వలయం ఏర్పడింది. పిన్ని కుండీలన్నీ దూరంగా జరిపించింది. బ్లీచింగ్ నీళ్లు తగిలితే మొక్కలు బతకవు. నీళ్లు పోయే తూములో ఆకులు కుక్కుకుని ఉంటే చేత్తో లాగి పారేసింది. నీటికి దారి ఇవ్వకుండా ఎంత తోమినా పది రోజులకు మళ్లీ పాచే అని ఆవిడ ప్రతి ఇంట్లో చెబుతుంది. ప్రతి ఇల్లూ తల ఊపుతుంది, మళ్లీ ఏడాది తూము మూసుకునే ఉంటుంది.

తర్వాత మెట్లు. చేతులకు ప్లాస్టిక్ తొడుగులు, ముక్కుకు గుడ్డ. గీకడం కింద మెట్టునుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి. అలాగైతే కాళ్ల కింద ఎప్పుడూ గీకిన మెట్టే ఉంటుంది. కడగడం మాత్రం పైనుంచి కిందికి. ఇది మేస్త్రి నేర్పిన లెక్క. గీకిన నాచును తూములోకి తోయకుండా బకెట్టులోకి ఎత్తాలి, లేకపోతే గొట్టం మూసుకుంటుంది.

ఒకటి, రెండు, మూడు. నాచు తాపీకి చాపలా చుట్టుకుని లేస్తోంది. ఆరు అయింది. ఏడో మెట్టు దగ్గర పిన్ని కూర్చుండిపోయింది.

పచ్చపాదం నిండుగా ఉంది. మడమ దగ్గర మాత్రం నాచు కొట్టుకుపోయి, సిమెంటు బయటపడి, ఒక పొడవాటి గీత ఉంది. కోడలి చెప్పు జారిన గీత అది.

పిన్ని చీపురుపుల్ల తీసుకుని వేళ్ల మధ్య గీకింది. మేస్త్రి పోయాక ఈ మూడేళ్లూ తనే గీకుతోంది. మొదటి ఏడు ఏడుస్తూ గీకింది, రెండో ఏడు మాట్లాడుతూ గీకింది. ఈ ఏడు మాట రాలేదు.

బ్లీచింగ్ పౌడర్ బకెట్టు నీళ్లలో కలిపి, పైన తేరిన నీళ్లు మెట్లన్నిటి మీదా పోసి, ఇరవై నిమిషాలు నాననిచ్చింది. బ్రష్షుతో తోమి, పైనుంచి కిందికి శుభ్రంగా కడిగింది. అన్ని మెట్లూ నీళ్లు వదిలేశాయి. ఏడో మెట్టు మాత్రం పాదం నిండా నీళ్లు పట్టుకుని కూర్చుంది.

ఇంటావిడ మెల్లగా ఎక్కి వచ్చి ఆరో మెట్టు మీద నిలబడింది. “పిన్నీ, ఏదో అంటున్నానని కాదు. పాప ఇంకో నాలుగు నెలలకు నడుస్తుంది.”

“తెలుసమ్మా.”

“పెరట్లో సిమెంటు, ఇసుక ఉన్నాయి, పైపైన కాస్త రాసెయ్. లోపల ఉండేది లోపల ఉంటుంది.”

ఆ మాటకు పిన్ని ప్రాణం లేచి వచ్చినట్టయింది. పల్చగా ఒక పూత వేస్తే పాదం కింద భద్రంగా ఉంటుంది. ఎవరికీ కనిపించదు గాని తనకు తెలుస్తుంది. వచ్చి కూర్చోవచ్చు, చెయ్యి పెట్టవచ్చు. ఎంత మంచి మాట చెప్పారమ్మా అనుకుంది.

కాని మేస్త్రి పెళ్లాం కదా. పాచి నానిన నున్నటి సిమెంటు మీద పల్చటి పూత నిలవదు. ఎండకు పగులుతుంది, పగుల్లోకి నీళ్లు దిగుతాయి, పెంకు లేస్తుంది. ఆ పెంకు మీద అడుగు పెట్టేది ఈసారి బకెట్టుతో ఉన్న కోడలో, తప్పటడుగుల పాపో. పూత నిలవాలంటే ముందు ఉలితో చెక్కాలి. వేలు మందాన, అంచులు తిన్నగా, అడుగు గరుకుగా. అంటే పాదం ఉండదు. కిందా ఉండదు, ఎక్కడా ఉండదు.

“అమ్మా, మీరు కిందికి వెళ్లండి. రాయి ముక్కలు ఎగురుతాయి” అంది.

ఇంటావిడకు అర్థమైంది. పిన్ని భుజం మీద చెయ్యి వేసి దిగిపోయింది.

మొదటి దెబ్బ బొటనవేలి మీద పడింది. పిన్నికి నిజంగానే కాలు జివ్వుమంది. “క్షమించవయ్యా” అంది పైకే. తర్వాత లెక్కపెట్టలేదు. చిటికెనవేలు పోయింది, అరికాలు వంపు పోయింది. మడమ చివరిదాకా ఉండి, రెండు దెబ్బలకు అదీ పోయింది. కొంగుతో మొహం తుడుచుకుంటే కన్నీళ్లేవో చెమటేదో తెలియలేదు. దుమ్ము ఊడ్చి, గుంట తడిపి, ముందు చిక్కటి సిమెంటు పాలు పూసి, ఒకటికి మూడు ఇసుక కలిపిన సిమెంటు నింపింది. అంచు వైపు కాస్త వాలు ఇచ్చింది. నున్నగా తీర్చలేదు. పచ్చిగా ఉండగానే చీపురుతో అడ్డంగా గీతలు లాగి గరుకు చేసింది. మేస్త్రి కంటే ఈ ఒక్క మెట్టు తనే బాగా కట్టిందని ఆవిడకు తెలుసు. అది తెలియడం కూడా బాధగానే ఉంది.

తడి గోనెపట్టా కప్పి, వారం రోజులు నీళ్లు చల్లుతూ ఉండమని, మొదటి రెండు రోజులు ఎవరూ అటు ఎక్కవద్దని చెప్పి వెళ్లింది. ఆ వారమంతా ఇంకో అయిదిళ్లలో పాచి గీకింది. రోజూ సాయంత్రం ఆ వీధిలోనుంచే వచ్చింది గాని, తల ఎత్తి చూడలేదు.

ఎనిమిదో రోజున గోనె తీయడానికి వెళ్లింది. ముందురోజు చిన్న జల్లు పడింది. గోనె ఎత్తి చూస్తే మెట్టు మీద చుక్క నీరు నిలిచి లేదు. బూడిదరంగు అతుకు మాత్రం కొత్తగా కనిపిస్తోంది.

పిన్ని దిగి వచ్చి కింద నిలబడింది. కోడలు పాపను చంకనేసుకుని, రెండో చేత్తో బట్టల బకెట్టు పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది. పాప జుట్టు లాగుతుంటే నవ్వుతూ ఏదో చెబుతోంది. అయిదు, ఆరు.

ఏడో మెట్టు దగ్గరికి రాగానే పిన్ని ఒక అడుగు ముందుకు వేసింది.

కోడలు కిందికి చూడనైనా చూడలేదు. పాపతో మాట్లాడుతూనే ఆ మెట్టు మీద అడుగు వేసి, తీసి, ఎనిమిదో మెట్టు ఎక్కేసింది. ఇరవై ఆరేళ్లలో ఆ మెట్టును చూసుకోకుండా దాటిన మనిషి ఆ పిల్లే.

పిన్నికి గుండె కలుక్కుమంది. అదే గుండెకు, అదే క్షణంలో, హాయిగానూ ఉంది. పైనుంచి బట్టలు దులుపుతున్న చప్పుడు వినిపించేదాకా అక్కడే నిలబడి, తర్వాత బకెట్టు తీసుకుని పక్కింటి గేటు తట్టింది.